ధరలో దాగిన వృద్ధి రేటు: 9 శాతమా, 8.74 శాతమా?

ప్రశ్న: “మాది పర్లాకిమిడి. షేరు ధర 400, ఈ ఏడాది డివిడెండు 12 రూపాయలు. నాకు 12 శాతం రాబడి కావాలి. ఆ 12 శాతంలోంచి డివిడెండు ఇచ్చే 3 శాతం తీసేసి, డివిడెండు వృద్ధి ఏటా 9 శాతం అనుకున్నాను. బరంపురంలో మా బావగారు 8.74 అంటున్నారు. ఎవరి లెక్క సరి?”

మీ బావగారిదే. మీరు చేతికొచ్చిన డివిడెండును ధరతో భాగించారు. డివిడెండు శాతానికి వృద్ధిని కలిపితే రాబడి వస్తుందనే సూత్రానికి కావలసింది రాబోయే ఏడాది డివిడెండు. అది కూడా వృద్ధి మీదే ఆధారపడుతుంది కాబట్టి లెక్క ఇలా మారుతుంది. ఇందులో P ధర, r మీరు కోరే రాబడి, D0 చేతికొచ్చిన డివిడెండు, g వృద్ధి:

```
g = (P×r − D0) / (P + D0)
  = (48 − 12) / 412 = 8.74%
```

సరిచూసుకోండి: 12 రూపాయలు 8.74 శాతం పెరిగితే 13.05. అది 400లో 3.26 శాతం. దానికి 8.74 కలిపితే 12.

అయితే అసలు తగువు పావు శాతం గురించి కాదు. ఆ 8.74 శాశ్వతంగా సాగాలి. కంపెనీ లాభంలో సగం పంచి, సగం అట్టేపెట్టుకుని, సొంత మూలధనంపై 14 శాతం ఆర్జిస్తుందనుకుందాం. అప్పుడు నిలకడగా పెరగగలిగేది 7 శాతమే. ఆ 7ను నమ్మి లెక్కను తిరగేయండి: 12.84ను 400తో భాగిస్తే 3.21, దానికి 7 కలిపితే 10.21 శాతం. 400 పెట్టి కొంటే మీకు దక్కే రాబడి అదే, 12 కాదు. నేనైతే ఈ ధరకు కొనను.

ఆ 12 రూపాయల్లో ఒక్కసారికే ఇచ్చిన ప్రత్యేక డివిడెండు ఉందేమో కూడా చూడండి. అందులో 4 రూపాయలు అలాంటివైతే D0 8కి దిగుతుంది, ధర కోరే వృద్ధి 9.8 శాతానికి ఎగబాకుతుంది.