నీట్‌కి ఏం వేసుకెళ్లాలంటే

అమ్మలూ,

పరీక్షకని కొత్త చుడీదార్ కుట్టిస్తున్నట్టు మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కుట్టించుకో, కానీ ఆ రోజు వేసుకోకు. చాలాసార్లు ఉతికి మెత్తబడ్డ పల్చటి కాటన్ కుర్తీ ఒకటి తీసి పెట్టుకో. మే నెల ఎండలో 2 గంటల నుంచి 5 దాకా కదలకుండా కూర్చోవాలి మరి.

చేతులు మోచేతి పైకే ఉండాలి. నిబంధనల్లో పొడుగు చేతులు వద్దని స్పష్టంగా ఉంది. త్రీ ఫోర్త్ చేతులంటావా, గేటు దగ్గర ఒకరు ఒప్పుకుంటారు, ఇంకొకరు కత్తెర అడుగుతారు. ఆ బేరమెందుకు మనకి? వెనక జిప్పు, చమ్కీ పని, పెద్ద గుండీలు ఉన్నవి పక్కన పెట్టెయ్. కింద జీన్స్ వద్దు. దాని గుండీ, జేబుల మూలల్లో కొట్టిన రివెట్లు లోహంవే, డిటెక్టర్ కూస్తుంది. ఎలాస్టిక్ నడుము ప్యాంటు హాయి. లోపల కూడా హుక్కులు లేని స్పోర్ట్స్ బ్రా వేసుకో. ఆడపిల్లల్ని ఆడవాళ్లే చాటున తనిఖీ చేస్తారు, ఆ భయం అక్కర్లేదు. కానీ హుక్కు దగ్గర కూతపెడితే నీకు చికాకు, వెనక లైనుకి ఆలస్యం.

కాలికి బూట్లు పనికిరావు. బకిల్ లేని, మడమ ఎత్తు లేని మామూలు చెప్పులు చాలు.

అసలు తంటా అంతా నగలతోనే. ఇన్విజిలేషన్ డ్యూటీకి వెళ్లినప్పుడు చూశాను, బట్టల దగ్గర కంటే ముక్కుపుడక దగ్గరే పిల్లలు ఎక్కువ ఏడ్చేవాళ్లు. గాజులు, పట్టీలు, వాచీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే: మొలతాడుకున్న వెండి బిళ్ల, మెడలో తాయెత్తు, జడలో పిన్నులు. అయస్కాంతం పెట్టి పరీక్షిద్దామనుకోకు, వెండి, ఇత్తడి దానికి అంటుకోవు. ముందురోజు రాత్రి బట్టలన్నీ వేసుకుని తలనుంచి కాళ్లదాకా చేత్తో తడిమి చూసుకో. జడకి గుడ్డ రబ్బరు బ్యాండు పెట్టు. కళ్లజోడుకి ఇబ్బంది లేదు. పెన్ను వాళ్లే ఇస్తారు. తీసిన నగలు ఇంట్లోనే వదిలెయ్, సెంటర్లో దాచిపెట్టే బాధ్యత ఎవరూ తీసుకోరు.

నీతో వచ్చే స్నేహితురాలు బురఖా వేసుకుంటుందిగా, వేసుకునే రావచ్చని చెప్పు. గేటు 1.30కి మూస్తారు కాబట్టి తను తనిఖీ కోసం 12.30కల్లా అక్కడుండాలి. అడ్మిట్ కార్డు వచ్చాక అందులోని సూచనలు ఇద్దరూ ఒకసారి చదవండి. ఏడాదికేడాది చిన్న మార్పులుంటాయి, అందులో రాసిందే లెక్క.

నీ ముక్కుపుడక మర పట్టేసిందని సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నావు. అది ఆదివారం పొద్దున తీద్దామనుకుంటే రాదు, ముక్కు వాస్తుంది. వారం ముందే కంసాలి దగ్గరికెళ్లి తీయించుకో. రంధ్రం పూడుతుందని బెంగైతే చిన్న వేప పుల్ల పెట్టుకో, పరీక్ష పొద్దున అదీ తీసెయ్.

మీ పెద్దమ్మ