సహోద్యోగి చికిత్సకు విరాళాలిచ్చినవారికి కృతజ్ఞతలు ఎలా చెప్పాలి?

"మా ఆఫీసులో ఒకరి చికిత్సకు నేనే విరాళాలు సేకరించాను. అనుకున్న మొత్తం చేరింది. ఆయనకేమో తన జబ్బు గురించి నలుగురిలో చర్చ జరగడం ఇష్టం లేదు. ఇచ్చినవారికి ఏం రాయాలి, ఎలా పంపాలి?"

మా కార్యాలయంలో ఈ బాధ్యత నాకు వచ్చినప్పుడు ఒకటి నిర్ణయించుకున్నాను: జబ్బు గురించి ఒక్క వాక్యం, డబ్బు గురించి పూర్తి లెక్క. డబ్బు చేరవలసిన చోటికి చేరిందా అని ఇచ్చినవారికి తెలుసుకోవాలని ఉంటుంది. మనం చెప్పకపోతే ఆ ప్రశ్న తిరిగి తిరిగి రోగి ఇంటికే వెళ్తుంది. లెక్క తేటగా ఉంటే ఆయన్ను ఎవరూ కదిలించరు.

నేను పంపినది దాదాపు ఇలా ఉంది:

"అందరికీ నమస్కారం. మన సహోద్యోగి చికిత్సకు కోరిన 6 లక్షల రూపాయలు సమకూరాయి. మొత్తం రూ.6,12,400 అందింది. అందులో రూ.5,70,000 నేరుగా ఆసుపత్రి ఖాతాకు చెల్లించాం. మిగిలిన రూ.42,400 మందుల కోసం కుటుంబానికి అందజేశాం. రసీదులు నా దగ్గర ఉన్నాయి, చూడదలచినవారు నన్ను అడగవచ్చు. చికిత్స సాగుతోంది. ఆయన, కుటుంబ సభ్యులు మీ అందరికీ కృతజ్ఞతలు తెలుపుతున్నారు. కొన్నాళ్లు ఫోన్లు, పరామర్శలు లేకుండా ఆయన్ను విశ్రాంతి తీసుకోనిద్దాం. ఇకపై డబ్బు పంపవద్దని, పాత విజ్ఞప్తి మీ ఫోనులో ఉంటే తొలగించమని మనవి."

పంపే ముందు దీన్ని ఆయన భార్యకు చూపించాను. "వేగంగా కోలుకుంటున్నారు" అని చేర్చమని ఒక మిత్రుడు సూచించారు గాని, డాక్టర్లు ఇంకా ఆ మాట అనలేదని ఆమె వద్దన్నారు. అందుకే "చికిత్స సాగుతోంది" అని మాత్రమే ఉంచాం. ఆ ఇంటివారు ఒప్పుకోని మాట ఒక్కటి కూడా ఉండకూడదు.

రసీదుల ఫొటోలు జతచేయకండి. వాటిలో రోగి పేరు, విభాగం, ఒక్కోసారి చికిత్స వివరం కూడా ఉంటాయి. దాతల పేర్లు, మొత్తాలతో జాబితా కూడా వద్దు. మా దగ్గర 200 రూపాయలు ఇచ్చిన కాపలా సిబ్బందీ ఉన్నారు, ఇబ్బందుల్లో ఉండి ఏమీ ఇవ్వలేనివారూ ఉన్నారు. జాబితా పెడితే ఈ ఇద్దరికీ తలవంపులే.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడదామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. గ్రూపులో ఒకరు "ఏమైంది?" అని అడిగితే పదిమంది జవాబులు చెబుతారు. బ్రాడ్‌కాస్ట్ జాబితాగా పంపితే ఎవరి సందేశం వారికే వెళ్తుంది, జవాబు మీకొక్కరికే వస్తుంది. అయితే మీ నంబరు తమ ఫోనులో దాచుకోనివారికి అది చేరదు, వారికి విడిగా పంపాలి. మెయిల్ అయితే చిరునామాలన్నీ బీసీసీలో పెట్టండి.

సందేశం వెళ్లిన రోజే క్యూఆర్ కోడ్ ఉన్న విజ్ఞప్తిని మీరు పెట్టిన ప్రతిచోటా తీసేయండి. అది చేతులు మారి బయటి గ్రూపులకు వెళ్లి ఉంటుంది, నెలల తరువాత కూడా ఎవరో ఒకరు డబ్బు పంపుతారు. అలా వచ్చినదాన్ని పంపినవారికే తిరిగి పంపించి, విజ్ఞప్తి ముగిసిందని రెండు ముక్కలు రాయండి.