గొంతు నొప్పి తగ్గింది, మెడలో బిళ్లలు తగ్గలేదు: టెన్షన్ పడాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. 18 రోజుల క్రితం జ్వరం, గొంతు నొప్పి వస్తే 5 రోజులు యాంటీబయాటిక్ వాడాను. గొంతు బాగైంది కానీ దవడ కింద రెండు వైపులా బిళ్లలు కట్టాయి. కుడివైపుది పెద్దది, నొక్కితే నొప్పి. మా పెదనాన్నగారికి క్యాన్సర్ మెడలో గడ్డతోనే బయటపడింది. రోజూ పట్టి చూసుకుంటున్నాను. మళ్లీ యాంటీబయాటిక్ వాడాలా? సూది పరీక్ష చేయించుకోవాలా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇప్పటికైతే ఆ రెండూ అవసరం లేదు. దవడ ఎముక మలుపు తిరిగే చోట, దాని కిందనే ఉండే లింఫ్ గ్రంథి టాన్సిల్స్‌కు కాపలాదారు లాంటిది. గొంతులోకి వచ్చిన క్రిములతో పోరాడే కణాలు అక్కడే పెరుగుతాయి కాబట్టి గ్రంథి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు రెండు మూడు రోజుల్లోనే వచ్చేయడంతో పైనున్న పలుచటి పొర సాగి నొప్పి పుడుతుంది. మిమ్మల్ని భయపెడుతున్న ఆ నొప్పి నిజానికి ఊరటనిచ్చే లక్షణమే. క్యాన్సర్ గడ్డ సాధారణంగా నెమ్మదిగా, నొప్పి లేకుండా పెరుగుతుంది, రాయిలా గట్టిగా ఉంటుంది.

గొంతు తగ్గినంత త్వరగా బిళ్ల తగ్గదు. ముందు నొప్పి పోతుంది, దానికి రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది. తర్వాత సైజు తగ్గడానికి మొత్తం మీద 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. కొందరికి చిక్కుడు గింజంత బిళ్ల చేతికి తగులుతూ అలాగే ఉండిపోతుంది. అది పెరగకుండా, వేలి కింద అటూ ఇటూ జారుతూ ఉంటే దానికి మందు అక్కర్లేదు.

రోజూ నొక్కి చూడటం మాత్రం ఈరోజుతో ఆపేయండి. పదేపదే నొక్కితే ఆ నొప్పి తగ్గదు. వారానికి ఒక్కసారి, అదే రోజున, తల కాస్త ముందుకు వంచి మూడు వేళ్ల కొనలతో మెల్లగా తడమండి. ఎంత ఉంది, కదులుతోందా, నొప్పి ఉందా అని క్యాలెండర్‌లో రాసుకోండి. బామ్ పెట్టి మర్దన చేయకండి, సున్నం పట్టు వేయకండి. చర్మం కాలి ఎర్రబడితే లోపల చీము పడుతోందో లేదో మాకు తెలియదు. నొప్పి ఎక్కువగా ఉంటే గోరువెచ్చని కాపడం, లివర్ సమస్య లేకపోతే పారాసిటమాల్ 500 మి.గ్రా. చాలు. రెండు మాత్రల మధ్య కనీసం 6 గంటలు ఉండాలి.

నేను నిజంగా భయపడేది మొదటి నుంచీ నొప్పి లేని బిళ్లకే. మా క్లినిక్‌కి ఒక డిగ్రీ విద్యార్థి వచ్చాడు. అతనికీ గొంతు నొప్పి తర్వాతే బిళ్ల కనిపించింది. నొప్పి లేదు కదా అని రెండు నెలలు ఊరుకున్నాడు, మధ్యలో మందుల షాపులో అడిగి మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సులు వాడాడు. నేను చూసేసరికి మెడ పక్కన మూడు బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా ఉన్నాయి. సాయంత్రాలు కొద్దిగా జ్వరం, నాలుగు కిలోల బరువు తగ్గుదల. సూదితో తీసిన నమూనాలో టీబీ అని తేలింది. పాతకాలంలో గండమాల అనేవారే, అదే ఇది. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మందులు సాధారణంగా 6 నెలలు వాడితే నయమవుతుంది. లెవోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ టీబీని కొన్నాళ్లు అణచిపెట్టి, రోగ నిర్ధారణను ఆలస్యం చేస్తాయి. స్టెరాయిడ్స్ అయితే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అయిన లింఫోమాను కూడా కప్పిపెడతాయి. బిళ్ల కోసం సొంతంగా మందులు కొనొద్దని పట్టుబట్టేది అందుకే.

కాబట్టి 6 వారాలు దాటినా తగ్గకపోతే, లేదా ఈలోపే 2 సెంటీమీటర్లు దాటి పెద్ద రేగుపండంత అయితే, గట్టిపడి కదలకుండా ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. రాత్రుళ్లు బట్టలు తడిసేంత చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా అంతే. కాలర్ బోన్ పైన, భుజం దగ్గరి గుంటలో బిళ్ల వస్తే 6 వారాలు కూడా ఆగొద్దు. పొగాకు, గుట్కా అలవాటున్న 40 దాటిన వారికి నొప్పి లేని గడ్డ రెండు మూడు వారాలున్నా చూపించుకోవాలి. మీ పెదనాన్నగారి అనుభవం మీకు కాదు, అలాంటి వారికి పనికొస్తుంది.

ఇక ఆరోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితి ఒకటుంది. బిళ్ల మీద చర్మం ఎర్రబడి వేడిగా, మెత్తగా అయి మళ్లీ జ్వరం వస్తే చీము పట్టిందని అర్థం. నోరు తెరవలేకపోయినా, ఉమ్మి మింగలేక కారిపోతున్నా, ఊపిరి ఆడకపోయినా అర్ధరాత్రయినా సరే, ఎమర్జెన్సీకి వెళ్లండి.