హారంపై ముద్ర ఉంది, హెచ్‌యూఐడీ లేదు: విలువ తగ్గుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీ ఫీజు కోసం మా అమ్మగారి 40 గ్రాముల హారం అమ్మాలనుకుంటున్నాము. కొక్కెం దగ్గరి పలకను ఫోనులో దగ్గరగా ఫొటో తీశాను. త్రికోణపు గుర్తు, 916, ఒక చిన్న బొమ్మ, J అనే అక్షరం, మరో రెండు అక్షరాలు కనిపిస్తున్నాయి. ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ లేదు కాబట్టి 20 క్యారెట్ల కిందే లెక్కగడతామని దుకాణదారు అంటున్నారు. '916 కేడీఎం' అని ఉన్న రెండు గాజులు, '925' అని ఉన్న వెండి పట్టీలు కూడా ఉన్నాయి. వీటిని ఎలా అర్థం చేసుకోవాలి? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ ఫొటోలో ఉన్నవి పాత పద్ధతి హాల్‌మార్క్‌కు ఉండవలసిన ఐదు గుర్తులు. త్రికోణం భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్ ముద్ర. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి బంగారం, మన వాడుకలో 22 క్యారెట్లు. చిన్న బొమ్మ, రెండు అక్షరాలలో ఒకటి నాణ్యతను పరీక్షించిన కేంద్రానిది, మరొకటి నగ అమ్మిన వర్తకునిది. ఏది ఎవరిదో తేల్చుకోవడానికి పాత బిల్లు మీది దుకాణం పేరుతో పోల్చి చూడండి. ఇక J అన్నది ముద్ర వేసిన సంవత్సరం. బంగారానికి హాల్‌మార్క్ మొదలైన 2000ను A గా తీసుకుని, I ని వదిలేసి, ఏటా ఒక అక్షరం వాడేవారు. ఆ వరుసలో J 2008కి చెందుతుంది. అమ్మగారు ఆ నగను ఆ ఏడాదో, ఆ తరువాతో కొని ఉంటే లెక్క సరిపోయినట్టే. అంతకు ముందే కొన్నారని ఇంట్లో అందరికీ గుర్తుంటే మాత్రం ముద్రను అనుమానించాలి.

హెచ్‌యూఐడీ లేకపోవడం ఈ హారానికి లోపం కాదు. 2017 జనవరి నుంచి సంవత్సరపు అక్షరాన్ని తీసివేసి, 22K916 అన్నట్లు క్యారెట్లను, పాళ్లను కలిపి ముద్రించడం మొదలుపెట్టారు. 2021 జులై నుంచి గుర్తులు మూడే: త్రికోణం, స్వచ్ఛత, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ. ఈ సంఖ్య లేని నగలను 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదన్న నిబంధన వర్తకులకే గాని, ఇంట్లో ఉన్న నగలకు కాదు. అంతకు ముందు వేసిన హాల్‌మార్క్ చెల్లుతుందని బీఐఎస్ స్పష్టంగా చెప్పింది. దుకాణదారుకు మీ నగ కొనడం ఇష్టం లేకపోతే మానుకోవచ్చు. కానీ సంఖ్య లేదన్న ఒక్క సాకుతో 22 క్యారెట్లను 20 చేయడం బేరమే గాని నిబంధన కాదు.

ఆ బేరం ఖరీదు ఎంతో చూడండి. 40 గ్రాముల హారం 916 అయితే అందులో మేలిమి బంగారం 36.64 గ్రాములు, 20 క్యారెట్లు, అంటే 833 కింద లెక్కగడితే 33.32 గ్రాములు. తేడా 3.32 గ్రాములు. మేలిమి ధరను లెక్క సులువు కోసం గ్రాముకు 10,000 రూపాయలు అనుకున్నా 33,200 రూపాయలు పోతాయి. మీరు అమ్మే రోజు ధరతో ఇదే గుణకారం చేసుకోండి. తరుగు, కరిగింపు పేరుతో తీసేది దీనికి అదనం కాబట్టి దానిని విడిగా రాసి చూపమని అడగండి.

అయితే ఫొటో ఒక హద్దు వరకే పనికివస్తుంది. ముద్ర ఏమని చెబుతున్నదో అది చూపుతుంది. ఆ మాట నిజమో కాదో చూపలేదు. పోత పోసిన అచ్చుతో త్రికోణాన్ని ఎవరైనా కొట్టవచ్చు. పాత ముద్రకు సంఖ్య లేదు కాబట్టి ఫోనులో సరిచూసుకునే వీలూ లేదు. అందుకే అమ్మే ముందు బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రానికి హారాన్ని తీసుకువెళ్లండి. నాలుగు నగల వరకు పరీక్షకు రుసుము 200 రూపాయలు, పన్ను అదనం. అక్కడ మొదట ఎక్స్‌రే యంత్రంలో పెట్టి చూస్తారు. దాని వలన నగ చెడదు గాని, అది చదివేది పైపొరనే. టంకం వేసిన చోట ఒక అంకె, పలక మీద ఇంకో అంకె రావచ్చు, పైన దట్టంగా పూత ఉంటే మోసపోవచ్చు. కనుక హారంలో రెండు మూడు చోట్ల చూపించమని అడగండి. అంకెల్లో పెద్ద తేడా వస్తే కొద్దిగా బంగారం గీరి, కరిగించి తేల్చే పరీక్షే చివరి మాట. కేంద్రం ఇచ్చిన నివేదికను చేతిలో పెట్టుకుని బేరానికి వెళితే, 20 క్యారెట్ల మాట సాధారణంగా మళ్లీ రాదు.

గాజుల సంగతి వేరు. మీరు రాసినదాన్ని బట్టి వాటి మీద త్రికోణం లేదు, పరీక్షా కేంద్రం గుర్తు లేదు. అంటే 916 అన్న మాట అమ్మినవారు తమంతట తాము కొట్టుకున్నదే. కేడీఎం అన్నది స్వచ్ఛతకు కొలమానం కానే కాదు, అతుకు వేసే పద్ధతి పేరు. పూర్వం రాగి, వెండి ఎక్కువగా కలిపిన టంకంతో అతికేవారు కాబట్టి నగ కరిగిస్తే క్యారెట్లు పడిపోయేవి. కాడ్మియం వాడితే వేడికి అది చాలావరకు ఆవిరైపోయి, అతుకు దగ్గర కూడా స్వచ్ఛత నిలిచేది. ఆ ఆవిరి కంసాలుల ఊపిరితిత్తులకు ప్రమాదకరం కావడంతో ఆ పద్ధతిని వదిలిపెట్టారు. మాట మాత్రం ఇంకా మన నోళ్లలో ఉండిపోయింది, దుకాణాలకూ అది లాభమే. గాజులు నిజంగా 916 కావచ్చు, కాకపోవచ్చు. హారంతో పాటే అదే 200 రూపాయలలో పరీక్ష చేయించండి, ఫలితం వచ్చే వరకు వాటి విలువను ఫీజు లెక్కలో కలపవద్దు.

ఇకముందు కొనే నగల ఫొటో తీసేటప్పుడు ముద్రను మెత్తని గుడ్డతో తుడిచి, ఫ్లాష్ ఆపి, వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టండి. ఎదురుగా పడే వెలుగు బంగారం మీద మెరిసి గీతలను మింగేస్తుంది. ఫోనును మరీ దగ్గరకు తేకుండా కొంచెం ఎడంగా తీసి, తరువాత పెద్దది చేసుకుంటే అక్షరాలు స్పష్టంగా ఉంటాయి. ఆ ఆరు స్థానాల సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లోని Verify HUID లో కొట్టండి. వివరాలు రాకపోతే వెంటనే దొంగ ముద్ర అనుకోకండి. 8కి B, 5కి S, 0కి O లాంటి పొరపాట్లు ముందుగా సరిచూడండి. వివరాలు వచ్చాక స్వచ్ఛత ఒక్కటే చూసి వదలకండి. అసలైన నగ సంఖ్యను మరో నగ మీద కొట్టే మోసం ఉన్నది కాబట్టి, మీ చేతిలో గొలుసు ఉండగా యాప్ ఉంగరం అని చూపినా, బిల్లులో లేని వర్తకుని పేరు వచ్చినా ఆగండి. హాల్‌మార్క్ ఉన్న నగలో స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తగ్గిన విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు అమ్మినవారి నుంచి రాబట్టుకునే హక్కు 2018 బీఐఎస్ నియమాలలో ఉన్నది. దానికి బిల్లు అవసరం.

పట్టీలకు పెద్దగా చెప్పవలసింది లేదు. వెండికి హాల్‌మార్క్ ఇప్పటికీ ఐచ్ఛికమే, 2025 సెప్టెంబరు నుంచి దానికీ హెచ్‌యూఐడీ ఇస్తున్నారు. త్రికోణం లేకుండా ఒంటరిగా ఉన్న 925ను గాజుల మీది అంకెలాగే చూడండి. వాటి విలువ ఫీజుకు ఏ మూలకూ రాదు కనుక ఇప్పుడు అమ్మవలసిన పని లేదు.