నాలుగు మార్కులకి ఇంత ఊకదంపుడా?

చిన్నీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన స్లిప్ టెస్ట్ పేపర్ ఫోటో చూసా, రెండుసార్లు చదివా కూడా. పేజీన్నర రాసావు, వచ్చింది రెండు మార్కులు, కింద "సార్‌కి నా మీద కోపం మావయ్యా" అని మెసేజ్. కోపం ఏమీ లేదే తల్లీ. ఆ పేపర్ నా చేతికొస్తే నేనూ అంతే వేసేవాడిని, ఇంకో అర తగ్గించినా తగ్గించేవాడిని. వారపత్రికకి కాలమ్ రాయడం మొదలెట్టకముందు కొన్నేళ్లు స్కూల్లో సోషల్ చెప్పానని నీకు తెలుసుగా, అప్పుడు నీలాంటి పేజీన్నరలు వందలు దిద్దా. కథలు రాస్తానంటున్నావు కాబట్టి ఈ ఒక్క ఆన్సర్ పట్టుకుని కూర్చుందాం, కథ సంగతి తర్వాత.

ప్రశ్న ఏంటి? "అచ్చుయంత్రం రాకవల్ల యూరప్ సమాజంపై పడిన ప్రభావాలను వివరించండి." నీ ఆన్సర్ ఎలా మొదలైందో చూడు: "ప్రాచీన కాలం నుండి మానవుడు తన భావాలను ఇతరులతో పంచుకోవడానికి ఎన్నో మార్గాలు వెతికాడు." ఈ వాక్యం ఎవరు అడిగారు? ఆ తర్వాత గూటెన్‌బర్గ్ వచ్చాడు, వాళ్ల నాన్న వ్యాపారి, చిన్నప్పుడు ద్రాక్ష, ఆలివ్ గానుగలు చూసాడు, కంసాలి పని నేర్చుకున్నాడు, మొదట అచ్చేసిన పెద్ద పుస్తకం బైబిల్, సుమారు 180 కాపీలు, మూడేళ్లు పట్టింది. అన్నీ కరెక్టే, ఒక్క తప్పు లేదు. కానీ అది యంత్రం ఎలా పుట్టిందన్న కథ, వాళ్లడిగింది అది వచ్చాక ఏమైందని. పెళ్లి ఎలా జరిగిందంటే పెళ్లికొడుకు పుట్టిన ఊరి గురించి చెప్పినట్టుంది. అలా ఎనిమిది లైన్లు పోయాయి, ఆ ఎనిమిదికీ వచ్చింది సున్నా.

ఊకదంపుడు ఎక్కడుందో కనిపెట్టడానికి నేను వాడే పద్ధతి ఒకటి చెప్తా. వాక్యంలో "అచ్చుయంత్రం" అన్న మాట మీద వేలు పెట్టి దాని బదులు "సెల్‌ఫోన్" అని చదువు. "సెల్‌ఫోన్ మానవ జీవితంలో విప్లవాత్మకమైన మార్పులు తెచ్చింది." భలే కుదిరింది కదా, రైలు అన్నా కుదురుతుంది, కరెంటు అన్నా కుదురుతుంది, అంటే ఆ వాక్యంలో అచ్చుయంత్రం గురించి ఏమీ లేదన్నమాట, కొట్టెయ్. ఇప్పుడు ఇది చదువు: "లూథర్ జర్మన్‌లోకి అనువదించిన కొత్త నిబంధన కొన్ని వారాల్లోనే 5000 కాపీలు అమ్ముడైంది." ఇక్కడ సెల్‌ఫోన్ ఎక్కడ పెడతావ్? కుదరదు. అది ఉంచు. నీ పేపర్ మీద ఈ టెస్ట్ పెడితే మొత్తంలో ఐదు వాక్యాలు మిగిలాయి, రెండు మార్కులు ఎందుకొచ్చాయో అర్థమైంది కదా.

ఇక మిగిలిన ఐదింటి సంగతి. వాటిలోనూ ఒక గొడవుంది, నువ్వు మధ్యలో మెట్లు వదిలేసి దూకుతున్నావు. "పుస్తకాలు చౌకయ్యాయి, కాబట్టి ప్రజల్లో జ్ఞానం పెరిగింది" అన్నావు. ఎలా పెరిగింది? అచ్చు రాకముందు ఒక్కో కాపీ ఒక్కో మనిషి కూర్చుని చేత్తో రాయాలి, నెలలకు నెలలు పట్టేది, అందుకని పుస్తకం అంటే రాజులకీ పెద్ద చర్చిలకీ దొరికే వస్తువు. అచ్చు వచ్చాక ఒక్కో కాపీకి పట్టే టైమూ కూలీ పడిపోయాయి కాబట్టి రేటు పడింది. ఇంతవరకు బానే ఉంది. కానీ అప్పటి జనంలో చాలామందికి అసలు చదువే రాదు కదా, పుస్తకం చౌకైతే వాళ్లకేంటి? ఇక్కడే అసలు పాయింట్ ఉంది, క్లాసులో సగం మంది వదిలేసేదీ ఇదే. చదువు రానివాళ్లకి కూడా అమ్మాలి కాబట్టి అచ్చేసేవాళ్లు జానపద గేయాలు, కథలు వేసి వాటికి బొమ్మలు పెట్టారు, అవి ఊళ్లో నలుగురు చేరినచోట, సారా కొట్ల దగ్గర ఎవరో ఒకరు పైకి చదివేవాళ్లు, పాడేవాళ్లు, మిగతావాళ్లు వినేవాళ్లు. అంటే వినే జనం మెల్లగా చదివే జనంలో కలిసిపోయారు, రెంటికీ మధ్య గీత చెరిగిపోయింది. ఇది రాస్తే దిద్దేవాడు పెన్ను ఆపి చూస్తాడు, నేను ఆపేవాడిని.

లెక్కలు రాస్తే మటుకు జాగ్రత్త. మీ పాఠంలోనే ఉంది, 15వ శతాబ్దం రెండో సగంలో యూరప్ మార్కెట్లోకి 20 మిలియన్ల కాపీలొచ్చాయి, 16వ శతాబ్దంలో అది దాదాపు 200 మిలియన్లయింది. మన లెక్కలో 2 కోట్లు, 20 కోట్లు. నువ్వు మొదటిదాన్నే 20 కోట్లని రాసావు, అక్కడ సార్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది చూసుకోలేదా?

రెండోది లూథర్. నువ్వు రాసింది "అచ్చుయంత్రం వల్ల మతంలో ఎన్నో మార్పులు వచ్చాయి" అని. ఏ మతం, ఏ మార్పు, ఎవరు? 1517లో విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ కాథలిక్ చర్చి పద్ధతుల్ని తప్పుపడుతూ 95 వాదాలు రాసాడు. చేతిరాతలో ఉండిపోతే ఆ ఊళ్లో పండితులు నలుగురు చదివి వాదించుకుని ఊరుకునేవాళ్లేమో, కానీ అవి అచ్చయి ఊళ్లు దాటి జనంలోకి వెళ్లాయి. చర్చి రెండుగా చీలింది, ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలైంది. తలుపుకి మేకు కొట్టి అంటించాడు, ఎన్ని మేకులు, అది రాయక్కర్లేదు, లైను దండగ. ఇంకోటి, క్రియ దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకో. "అచ్చుయంత్రం ప్రొటెస్టెంట్ మతాన్ని సృష్టించింది" అని రాసావు, సృష్టించలేదు, చర్చి మీద కోపం అంతకుముందే ఉంది, యంత్రం దాన్ని మోసుకెళ్లింది. "వ్యాపించడానికి తోడ్పడింది" అంటే సరిపోతుంది, నిజం కూడా అదే.

మూడోది నీ పేపర్లో అసలు లేనే లేదు, భయం. ప్రభావాలు అనగానే అందరూ మంచివే రాస్తారు, కానీ అచ్చు చూసి హడలిపోయినవాళ్లు కూడా ఉన్నారు, అదీ ప్రభావమే కదా. ఇటలీలో మెనోకియో అని ఒక పిండిమర ఆయన, తన చేతికి దొరికిన పుస్తకాలు చదువుకుని దేవుడి గురించీ సృష్టి గురించీ సొంతంగా ఒక అర్థం చెప్పుకున్నాడు, చర్చికి ఒళ్లు మండింది, రెండుసార్లు విచారించి చివరికి చంపేసారు. పిండిమర ఆయన బైబిల్ అర్థం చెప్పడమేంటి అన్నది వాళ్ల బాధ. చర్చి నిషిద్ధ పుస్తకాల జాబితా పెట్టింది కూడా ఈ భయంతోనే. ఆ జాబితా ఏ ఏడాదన్నది ఎగ్జాం హాల్లో గుర్తు రాకపోతే "16వ శతాబ్దం మధ్యలో" అని రాసెయ్, తప్పు ఏడాది రాయడం కన్నా అది నయం.

సరే, ఇప్పుడు ఇవన్నీ కలిపి రాస్తే ఎలా ఉంటుందో చూడు. ఎగ్జాం కాబట్టి ఇక్కడ మాత్రం పుస్తకం భాష వాడా:

"అచ్చుయంత్రం వల్ల ఒక్కో ప్రతికి పట్టే సమయం, శ్రమ తగ్గి పుస్తకాల ధర తగ్గింది. దీంతో కొత్త పాఠకులు ఏర్పడ్డారు. చదువు రానివారి కోసం ముద్రాపకులు బొమ్మలతో జానపద గేయాలు, కథలు ముద్రించారు. వాటిని గ్రామాల్లో పైకి చదివి వినిపించడం వల్ల శ్రోతలకు, పాఠకులకు మధ్య భేదం తగ్గింది. 1517లో మార్టిన్ లూథర్ చర్చిని విమర్శిస్తూ రాసిన 95 వాదాలు ముద్రణ వల్ల విస్తృతంగా ప్రచారమై ప్రొటెస్టెంట్ సంస్కరణకు తోడ్పడ్డాయి. ఆయన అనువదించిన కొత్త నిబంధన కొన్ని వారాల్లోనే 5000 ప్రతులు అమ్ముడైంది. సామాన్యులు కూడా మత గ్రంథాలకు సొంత అర్థాలు చెప్పసాగారు. అలా చెప్పిన ఇటలీకి చెందిన పిండిమర యజమాని మెనోకియోకు మరణశిక్ష విధించారు. ఇటువంటి భావాలకు భయపడి 16వ శతాబ్దం మధ్యలో చర్చి నిషిద్ధ గ్రంథాల జాబితా రూపొందించింది."

అంతే. నీ చేతిరాతలో పదిహేను లైన్లు దాటదు. మొదట్లో ముందుమాట లేదు, చివర్లో "ఈ విధంగా అచ్చుయంత్రం..." అన్న తోక లేదు. ఆ తోక నువ్వు ప్రతి ఆన్సర్‌కీ పెడతావు, పైన రాసిందే మళ్లీ రాయడం, దానికి ఎవరూ ఇంకోసారి మార్కు వేయరు.

ఫ్రెంచ్ విప్లవం ఎందుకు వదిలేసావ్ మావయ్యా అంటావు. కావాలనే వదిలా. అక్కడ వాల్టేర్, రూసో రాతలు అచ్చయి జనం చదివారు కాబట్టి విప్లవం వచ్చిందని ఒక్క లైన్లో తేల్చేస్తే అది సగం నిజమే, ఎందుకంటే అదే జనం రాజుని పొగిడే రాతలూ చర్చి రాతలూ కూడా చదివారు, మీ పాఠంలో కూడా ఆ మాట ఉంది. ఆ రెండో సగం కూడా రాయాలంటే ఇంకో నాలుగు లైన్లు కావాలి. ఎనిమిది మార్కులకి అడిగితే పెట్టు, నాలుగుకి లూథర్ చాలు.

ఇంకో చిన్న ప్రమాదం, ప్రశ్నలో దేశం పేరు చూసుకో. "భారతదేశంలో" అని ఉంటే లూథర్ ఎంత బాగా రాసినా ఏం లాభం లేదు. అప్పుడు సంఘసంస్కరణ వైపు వెళ్లాలి, రామమోహన్ రాయ్ 1821లో తెచ్చిన సంబాద్ కౌముది, జ్యోతిబా ఫూలే 1873లో కులం మీద రాసిన గులాంగిరి. మన కందుకూరి వీరేశలింగం గారు 1874లో మొదలెట్టిన వివేకవర్ధని మీ పాఠంలో లేకపోయినా రాయొచ్చు, కాకపోతే పేరు రాసి వదిలేయకు, ఆ పత్రికలో ఆయన దేని మీద రాసారో, అది అచ్చులో రావడం వల్ల ఎవరిదాకా వెళ్లిందో చెప్పు.

ఆదివారం లోపు ఆ ఇండియా ప్రశ్నకే ఆన్సర్ రాసి ఫోటో పంపు. ఫోన్లో టైమర్ పెట్టుకో, ఎనిమిది నిమిషాలు, ఎంత పట్టిందో పేపర్ పైన రాయి, అబద్ధం ఆడకు. పంపేముందు సెల్‌ఫోన్ టెస్ట్ నువ్వే పెట్టి ఎన్ని వాక్యాలు కొట్టేసావో కొట్టివేతలతో సహా పంపు, ఫెయిర్ చేసి పంపకు, నాకు ఆ కొట్టివేతలే కావాలి. అమ్మని అడిగానని చెప్పు, ఆవకాయ జాడీ ఖాళీ అయిందని కూడా చెప్పు.

మావయ్య