రిలే కొట్టుకోవడం ఆగింది, లైటు మాత్రం వెలగడం లేదు

ప్రశ్న: మా పశువుల కొట్టానికి చీకటి పడగానే లైటు వెలిగేలా ఎల్‌ఎం 358 ఆప్-ఆంప్, ఎల్‌డీఆర్, రిలేతో సర్క్యూట్ కట్టాను. సప్లై 12 వోల్టులు. ఎల్‌డీఆర్ పైన, 22 కిలో ఓముల రెసిస్టర్ కింద. వాటి నడిమి తీగ మైనస్ పిన్నుకు వెళ్తుంది. సాయంత్రం రిలే టకటకా కొట్టుకునేది. పుస్తకం చూసి అవుట్‌పుట్ నుంచి ప్లస్ పిన్నుకు 100 కిలో ఓములు, ప్లస్ పిన్ను నుంచి గ్రౌండుకు 10 కిలో ఓములు పెట్టాను. కొట్టుకోవడం ఆగింది కానీ అర్ధరాత్రయినా లైటు వెలగడం లేదు. ఐసీ పోయిందా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, అనంతపురం

జవాబు: ఐసీ బాగానే ఉంది. మీరు చూసిన బొమ్మ ప్లస్ 15, మైనస్ 15 వోల్టులు రెండూ ఉన్న సప్లై కోసం గీసింది. అందులో అవుట్‌పుట్ పైకి పోతే దాదాపు ప్లస్ 13, కిందికి పోతే దాదాపు మైనస్ 13 వోల్టులు వస్తుంది. దానిలో పదకొండో వంతు ప్లస్ పిన్నుకు చేరుతుంది కాబట్టి పై హద్దు ప్లస్ 1.18, కింది హద్దు మైనస్ 1.18 వోల్టులు అవుతాయి. మీ దగ్గర మైనస్ సప్లై లేదు. అవుట్‌పుట్ కిందికి పడితే దాదాపు సున్నా. దానిలో పదకొండో వంతు కూడా సున్నాయే. మైనస్ పిన్ను ప్లస్ పిన్ను కంటే కిందికి దిగితేనే అవుట్‌పుట్ పైకి లేస్తుంది. అంటే లైటు వెలగాలంటే ఎల్‌డీఆర్ దగ్గరి వోల్టేజీ సున్నా కంటే తగ్గాలి. కటిక చీకట్లో ఎల్‌డీఆర్ 1 మెగా ఓముకు చేరినా అక్కడ ఇంకా పావు వోల్టు మిగులుతుంది. ఒకసారి ఆరిన లైటు మళ్లీ వెలిగే దారి ఆ సర్క్యూట్‌లో లేదు.

మందు ఒక్క రెసిస్టరే. ప్లస్ పిన్ను నుంచి 12 వోల్టుల సప్లైకి ఇంకో 10 కిలో ఓముల రెసిస్టర్ కలపండి. అప్పుడు ఆ పిన్నును మూడు చేతులు లాగుతాయి: ఒకటి 12 వోల్టుల వైపు, ఒకటి గ్రౌండు వైపు, మూడోది 100 కిలో ఓముల ద్వారా అవుట్‌పుట్ వైపు. మూడోది బలహీనమైన చేయి, అయినా హద్దును జరిపేది అదే. కిలో ఓముల్లో రాస్తే లెక్క ఇది:

```
V+ = (12/10 + 0/10 + Vo/100) / (1/10 + 1/10 + 1/100)
V+ = (120 + Vo) / 21
```

ఇక్కడ Vo విలువ దగ్గరే చాలామంది పొరబడతారు. సప్లై 12 కాబట్టి అవుట్‌పుట్ కూడా 12 వరకు వెళ్తుందనుకుంటారు. ఎల్‌ఎం 358 అంత పైకి వెళ్లలేదు. సప్లైకి సుమారు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. కాబట్టి పైకి 10.5, కిందికి దాదాపు సున్నా అని తీసుకోండి. 130.5ను 21తో భాగిస్తే పై హద్దు 6.21 వోల్టులు. 120ని 21తో భాగిస్తే కింది హద్దు 5.71 వోల్టులు. మధ్య ఎడం సరిగ్గా అర వోల్టు.

ఇప్పుడు ఒక సాయంత్రాన్ని దీనిలో నడిపించి చూడండి. పగలు ఎల్‌డీఆర్ నిరోధం తక్కువ, మైనస్ పిన్ను వోల్టేజీ ఎక్కువ, అవుట్‌పుట్ సున్నా. కాబట్టి అప్పుడు పనిచేసేది కింది హద్దు. పొద్దు వాలేకొద్దీ మైనస్ పిన్ను దిగుతూ వచ్చి, ఎల్‌డీఆర్ 24.2 కిలో ఓములకు చేరినప్పుడు 5.71ని తాకుతుంది. అవుట్‌పుట్ పైకి లేస్తుంది, లైటు వెలుగుతుంది. అదే క్షణంలో హద్దు కూడా 6.21కి ఎగిరిపోతుంది. ఇక వేపకొమ్మ ఊగి కాస్త వెలుతురు పడినా, మబ్బు తొలగినా లైటు ఆరదు. ఆరాలంటే ఎల్‌డీఆర్ 20.5 కిలో ఓములకు దిగేంత వెలుతురు రావాలి. ఇంతకుముందు రెండు పనులకూ ఒకే హద్దు ఉండడం వల్లే, దాని చుట్టూ వోల్టేజీ కాస్త వణికినా రిలే కొట్టుకుంది. అమెరికా శాస్త్రవేత్త ఒట్టో ష్మిట్ 1934లో విద్యార్థిగా ఉండగా వాల్వులతో కట్టిన సర్క్యూట్ చేసిన పని కూడా ఇదే. అందుకే దీనికి ష్మిట్ ట్రిగ్గర్ అని పేరు.

ఈ అమరికలో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. రిలే లాగినప్పుడు చిన్న అడాప్టర్ల వోల్టేజీ కాస్త కుంగుతుంది. హద్దులూ, ఎల్‌డీఆర్ వోల్టేజీ రెండూ అదే సప్లై నుంచి పుడుతున్నాయి కాబట్టి దాదాపు కలిసే కుంగుతాయి. 11 వోల్టులకు దిగినా ఎడం అర వోల్టు నుంచి 0.45కి తగ్గుతుంది, అంతే. పల్లెల్లో కరెంటు ఊగిసలాడే చోట జీనర్ డయోడుతో స్థిరమైన హద్దు పెట్టడం కంటే ఇది మేలు.

కాగితం మీది లెక్కను బల్ల మీద సరిచూసుకోవడం సులువే. ముందు రిలే కాంటాక్టుల నుంచి 230 వోల్టుల తీగలు విప్పేయండి. ఎల్‌డీఆర్, 22 కిలో ఓముల రెసిస్టర్ తీసి, వాటి బదులు 10 కిలో ఓముల పొటెన్షియోమీటర్‌ను 12 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య పెట్టి, నడిమి కాలును మైనస్ పిన్నుకు, అంటే 2వ పిన్నుకు కలపండి. మల్టీమీటర్ అక్కడే ఉంచి నెమ్మదిగా పైకి తిప్పండి. రిలే వదిలే చప్పుడు వినగానే మీటర్ చూపే అంకె మీ పై హద్దు. ఇప్పుడు వెనక్కి తిప్పండి. రిలే లాగినప్పటిది కింది హద్దు. 5 శాతం రెసిస్టర్లతో అంకెలు ఒకటి రెండు పదోవంతులు అటూ ఇటూ జరుగుతాయి, కంగారుపడకండి. అర వోల్టు ఎడం కనిపిస్తే సర్క్యూట్ సరిగ్గా ఉన్నట్టే.

ఎడం అసలు లేనట్టు కనిపిస్తే మీటర్‌ను అవుట్‌పుట్‌కు, అంటే 1వ పిన్నుకు మార్చి, లైటు వెలగాల్సిన స్థితిలో ఎంత ఉందో చూడండి. నా బల్ల మీద ఒకసారి అక్కడ 10.5 బదులు 0.7 వోల్టులే కనిపించింది. రిలేను నడిపే ట్రాన్సిస్టర్ బేస్‌ను అవుట్‌పుట్‌కు నేరుగా అతికించాను. బేస్ ఆ పిన్నును 0.7 దగ్గరే పట్టేసింది. 120.7ను 21తో భాగిస్తే 5.75, ఎడం 0.03 వోల్టులకు కుదించుకుపోయింది. ట్రాన్సిస్టర్ పనిచేస్తోంది, రిలే లాగుతోంది, అందుకే తప్పు కంటికి కనపడలేదు. బేస్‌కు ముందు 4.7 కిలో ఓముల రెసిస్టర్ పెట్టగానే అవుట్‌పుట్ మళ్లీ పైకి లేచింది. మీ సర్క్యూట్‌లో అది ఉందో లేదో తప్పకుండా చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కొట్టంలో బిగించాక రిలే మళ్లీ కొట్టుకోవచ్చు. అప్పుడు ఆ చప్పుడును కాసేపు వినండి. తీరూ తెన్నూ లేని గరగర అయితే పొడవాటి తీగల్లోకి చేరిన రొద కావచ్చు. గడియారంలా లయగా, వెలగడం ఆరడం వెలగడంగా సాగితే మాత్రం మీ లైటే ఎల్‌డీఆర్ మీద పడుతోంది. చీకట్లో లైటు తీసేసి ఒకసారి, వెలిగించి ఒకసారి 2వ పిన్ను వోల్టేజీ కొలవండి. వెలిగించినప్పుడు అది 6.21 దాటితే లైటు తనను తానే ఆర్పుకుంటోందన్న మాట. 100 కిలో ఓముల స్థానంలో 47 పెడితే హద్దులు 6.43, 5.42 అవుతాయి, ఎడం ఒక వోల్టుకు పెరుగుతుంది. కానీ నేనైతే ముందు రెసిస్టర్ జోలికి వెళ్లను. ఎడం పెంచేకొద్దీ సాయంత్రం లైటు ఆలస్యంగా వెలుగుతుంది, తెల్లవారాక ఆలస్యంగా ఆరుతుంది. ఎల్‌డీఆర్‌ను జానెడు నల్లటి పీవీసీ పైపు ముక్కలో పెట్టి, కొట్టం కప్పు మీద లైటు కనపడని వైపు ఆకాశానికి తిప్పి కట్టండి. పైపు వెలుతురును కొంత తగ్గిస్తుంది కాబట్టి లైటు మరీ తొందరగా వెలుగుతుంటే 22 కిలో ఓముల రెసిస్టర్‌ను 33కి మార్చండి.