రీసెట్ నొక్కితే ఎల్‌సీడీలో పిచ్చి అక్షరాలు

ప్రశ్న: ఏటీమెగా328పీకి 16×2 ఎల్‌సీడీని నాలుగు డేటా వైర్లతో కలిపి, సీ భాషలో సొంతంగా ప్రోగ్రాం రాశాను. ముందు 0x2, తర్వాత 0x28, 0x0C, 0x01, 0x06 పంపుతున్నాను. కరెంటు ఇచ్చినప్పుడు అక్షరాలు చక్కగా వస్తాయి. రీసెట్ బటన్ నొక్కితే చెత్త వస్తుంది, ఇంకోసారి నొక్కితే మళ్లీ సరిపోతుంది. డిస్‌ప్లే పాడైందా?

జవాబు: డిస్‌ప్లేకు ఏమీ కాలేదు, మార్చకండి. ఒకప్పుడు నేను ఇదే లక్షణం చూసి రెండు డిస్‌ప్లేలు మార్చాను. మూడోదీ అలాగే చేసిన తర్వాత గానీ డేటాషీట్ తెరవలేదు.

రీసెట్ బటన్ మైక్రోకంట్రోలర్‌ను మాత్రమే మొదటికి తెస్తుంది. ఎల్‌సీడీ వెనకున్న హెచ్‌డీ44780 తరహా కంట్రోలర్‌కు ఆ సంగతే తెలియదు. దానికి కరెంటు పోలేదు కాబట్టి అది నాలుగు బిట్ల పద్ధతిలోనే కూర్చుని ఉంటుంది. కరెంటు ఇచ్చిన వెంటనే అది ఎనిమిది బిట్ల పద్ధతిలో ఉంటుంది, అందుకే అప్పుడు మీ 0x2 ఒక్కటే పూర్తి ఆదేశమై నాలుగు బిట్లకు మారుస్తుంది. రీసెట్ తర్వాత అదే 0x2ను ఎల్‌సీడీ ఒక ఆదేశంలో మొదటి సగంగా తీసుకుంటుంది. దాని వెనక వచ్చే 0x28లోని 2 రెండో సగం అవుతుంది. అంటే ఎల్‌సీడీకి అందినది 0x22: ఒకే వరుస చాలు అని దాని అర్థం. మిగిలిన 8, తర్వాతి ఆదేశంలోని 0తో జతకట్టి 0x80 అవుతుంది. అక్కడి నుంచి ప్రతి జతా ఒక సగం పక్కకు జరిగిపోతుంది, తెరను తుడిచే 0x01 అసలు చేరనే చేరదు.

మరి రెండోసారి ఎందుకు బాగుపడుతుంది? మీరు ప్రతిసారీ పంపే సగాల మొత్తం బేసి సంఖ్య. మొదటి రీసెట్‌లో ఒక సగం మిగిలిపోతుంది, రెండోసారి వచ్చే 0x2 దానికి జతై లెక్క సరిచేస్తుంది. ఒకసారి చెడి, ఒకసారి బాగుపడితే జతలు తప్పాయనే అర్థం. వైరింగ్ లోపం ఇంత క్రమం తప్పకుండా చేయదు.

మందు డేటాషీట్‌లోనే ఉంది: 0x3ను మూడుసార్లు పంపాలి. చాలామంది దీన్ని మంత్రంలా రాసేస్తారు గానీ లెక్క సులువే. ఎల్‌సీడీ ఎనిమిది బిట్లలో ఉంటే మూడూ ఎనిమిది బిట్ల ఆదేశాలే. నాలుగు బిట్లలో ఉండి మొదటి సగం కోసం చూస్తుంటే, మొదటి రెండు కలిసి 0x33 అయి ఎనిమిదికి తెస్తాయి. రెండో సగం కోసం చూస్తుంటే, మొదటి 3 పాత సగంతో కలిసి ఏదో ఒక ఆదేశాన్ని ముగిస్తుంది, మిగతా రెండూ 0x33 అవుతాయి. ఏ స్థితి నుంచి బయలుదేరినా చేరేది ఎనిమిది బిట్లకే. ఆ తర్వాత పంపే 0x2కి అర్థం ఒక్కటే.

వేచి ఉండే సమయాలకూ కారణం ఉంది. ఆ పాత సగం 0 అయితే, 3తో కలిసి 0x03 అవుతుంది. అది కర్సర్‌ను మొదటికి పంపే ఆదేశం, దానికి 1.52 మిల్లీసెకన్లు కావాలి. అందుకే మొదటి 3 తర్వాత 4.1 మిల్లీసెకన్లకు పైగా, రెండోదాని తర్వాత 100 మైక్రోసెకన్లకు పైగా ఆగాలి. కరెంటు ఇచ్చాక వోల్టేజీ 4.5 దాటిన తర్వాత 15 మిల్లీసెకన్లు కావాలి. అడాప్టర్లు నెమ్మదిగా లేస్తాయి కాబట్టి నేను 50 పెడతాను.

```c
// RS = 0
_delay_ms(50);
nibble(0x3); _delay_ms(5);
nibble(0x3); _delay_us(150);
nibble(0x3); _delay_us(150);
nibble(0x2); _delay_us(150);
cmd(0x28); cmd(0x08);
cmd(0x01); _delay_ms(2);
cmd(0x06); cmd(0x0C);
```

ఇందులో `nibble` డీ4 నుంచి డీ7 వరకు విలువ పెట్టి, ఎనేబుల్ పిన్‌ను ఒక మైక్రోసెకను పైకి లేపి దించుతుంది. ఎల్‌సీడీ డేటాను తీసుకునేది ఎనేబుల్ దిగేటప్పుడే. `cmd` రెండు సగాలూ పంపి 50 మైక్రోసెకన్లు ఆగుతుంది. డేటాషీట్ 37 అంటుంది గానీ, అది లోపలి ఆసిలేటర్ 270 కిలోహెర్ట్‌జ్ వద్ద నడిచినప్పటి మాట. నెమ్మదిగా నడిచే నకలు చిప్‌లూ దొరుకుతాయి, అలాంటిది మీకు తగిలితే 100 పెట్టండి. 0x2 తర్వాత మళ్లీ 0x28 ఎందుకంటే, మొదటిది వెళ్లినప్పుడు డీ0 నుంచి డీ3 వరకు ఖాళీగా ఉన్నాయి. రెండు వరుసలు, 5×8 అక్షరాలు అన్న సంగతి పూర్తి ఆదేశంతోనే తెలుస్తుంది.

మార్చిన తర్వాత, తెరపై అక్షరాలు పడుతుండగానే రీసెట్ నొక్కి చూడండి. సగం ఆదేశం మధ్యలో తెగే అవకాశం అప్పుడే ఎక్కువ. ఒక పాతిక సార్లు నొక్కినా నిలిచిందంటే పని అయినట్లే. ఒకవేళ మొదటి వరుసలో నల్లటి గళ్లు మాత్రమే కనిపిస్తే ఆదేశాలు అసలు అందడం లేదు. అప్పుడు ఎనేబుల్ వైరు, ఆర్‌ఎస్ వైరు చూడండి, ఆర్‌డబ్ల్యూ పిన్ గ్రౌండ్‌కు కలిసిందో లేదో కూడా.